రేపు లేదు కాబట్టి...

ఒక మగవాడు తాను కోరుకున్న ఆమెను ఒప్పించడానికి 46 పంక్తులు మాట్లాడతాడు. ఆమె ఇంకా ఔననలేదు. సిగ్గో, జంకో, అతని మీద నమ్మకం చాలకపోవడమో, వెనకాడుతోంది. అతని మాటల్లో పొగడ్త ఉంది, బెదిరింపు ఉంది, ఆత్రం ఉంది. ఈ మూడింటినీ ఒక్క తాటి మీద నడిపించే వాదం కూడా ఉంది. మనకు కావలసినంత కాలం ఉంటే నువ్వెంత జాగు చేసినా తప్పు లేదు, కాని అంత కాలం లేదు, కాబట్టి ఇప్పుడే రా అన్నది ఆ వాదం. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవి ఆండ్రూ మార్వెల్ రాసిన ‘టు హిజ్ కాయ్ మిస్ట్రెస్’ పద్యం సారాంశం అదే. మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన పద్యమే. ఇందులోని ఉపమానాలు అందరికీ గుర్తుంటాయి. ఆ ఉపమానాల చాటున వాదం ఏ మెట్టు దగ్గర జారిందో ఎక్కువమంది గమనించరు.

ఈ తరహా పద్యాలకు పాత వంశమే ఉంది. రోమన్ కవి హొరేస్ క్రీ.పూ. 23లో వెలువరించిన ‘ఓడ్స్’ మొదటి పుస్తకంలో పదకొండో పద్యం దీనికి మూలపురుషుడు. ఎనిమిదే పంక్తులు. ల్యూకోనొయీ అనే ఆమె తనకెంత ఆయుష్షు ఉందో తెలుసుకోవాలని బాబిలోనియా జ్యోతిషుల లెక్కల వెంట పడుతుంది. హొరేస్ వద్దంటాడు. బయట చలికాలపు సముద్రం రాళ్లకేసి కొట్టుకుంటోంది. ద్రాక్షసారా వడగట్టు, దూరపు ఆశలు తగ్గించుకో, చెట్టున పండిన పండును కోసుకున్నట్టు ఈ రోజును కోసుకో అంటాడు. లాటిన్‌లో ఆ చివరి మాట ‘కార్పే డియెమ్’. ఈ కోవ పద్యాలన్నిటికీ అదే పేరు స్థిరపడింది.

ఇక్కడ పాఠకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటుంది. కాలం లేదు, త్వరపడు అని చెప్పేవాడికి ఆ త్వర వల్ల ఏం దక్కుతుంది? హొరేస్ పైకి అడిగింది జోస్యాలు మానమని, సారా వడగట్టమని మాత్రమే. 1648లో అచ్చయిన రాబర్ట్ హెరిక్ పద్యం ఒకటి కన్యలను గులాబీలు వాడకముందే ఏరుకోమంటుంది. హెరిక్ చర్చి గురువు, బ్రహ్మచారి. పద్యం చివర ఆయన ఇచ్చే సలహా పెళ్లి చేసుకోమని. ఆ పెళ్లిలో ఆయనకు వాటా లేదు. షేక్స్‌పియర్ సానెట్లలో మొదటి పదిహేడూ ఒక యువకుడిని పెళ్లాడి బిడ్డను కనమని, లేకపోతే ఆ అందం అతనితోనే పోతుందని పోరుపెడతాయి. అక్కడా అంతే, చెప్పేవాడు తనకోసం అడగడు. మార్వెల్ పద్యంలో మాట్లాడేవాడు మాత్రం తనకోసమే అడుగుతున్నాడు. అడుగుతున్నది ఎదురుగా ఉన్న మనిషినే. ఒప్పుకుంటే లాభం అతనిది, నష్టం వస్తే ఆమెది. అందుకే ఈ వంశం మొత్తంలో ఈ ఒక్క పద్యాన్ని విప్పి చూడాలి.

మార్వెల్ 1621లో యార్క్‌షైర్‌లో ఒక చర్చి గురువు ఇంట పుట్టాడు. 1659 నుంచి 1678లో చనిపోయేదాకా హల్ పట్టణానికి పార్లమెంటు సభ్యుడు. పార్లమెంటులో ఏం జరుగుతోందో తన ఊరివాళ్లకు చెబుతూ వందల ఉత్తరాలు రాశాడు. బతికున్నప్పుడు జనానికి రాజకీయ వ్యంగ్య రచయితగానే తెలుసు. ఈ పద్యం అచ్చయింది ఆయన పోయిన మూడేళ్లకు, 1681లో. సభలో వాదన ఎలా నిలబడుతుందో, ఎలా కూలుతుందో రోజూ చూసే వృత్తి ఆయనది. అలాంటివాడు ఒక పాత్ర నోట వాదన పెట్టాడంటే దాని కీళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా పెట్టి ఉండడు.

పద్యం మూడు భాగాలు. మొదటిది 20 పంక్తులు, రెండోది 12, మూడోది 14. మొదటి భాగం ‘ఉంటే’ అనే ఊహలో నడుస్తుంది. మనకు చాలినంత లోకం, చాలినంత కాలం ఉంటే, నువ్వు గంగ ఒడ్డున కెంపులు ఏరుకుంటూ ఉండొచ్చు, నేను హంబర్ ఒడ్డున కూర్చుని నీకోసం ఫిర్యాదులు పాడుకుంటూ ఉండొచ్చు అంటాడు. హంబర్ మార్వెల్ సొంత ఊరి నది. ఆమెకు గంగ, తనకు ఇంటి పక్కనున్న ఏరు. ఒకరికొకరు సగం ప్రపంచం దూరంలో ఉన్నా తొందరేమీ లేదన్నమాట. నోవహు కాలపు జలప్రళయానికి పదేళ్ల ముందు మొదలుపెట్టి ప్రేమిస్తానంటాడు. యూదులు మతం మారేదాకా నువ్వు కాదంటూ ఉండొచ్చంటాడు. అది లోకాంతానికి ముందు జరుగుతుందని ఆనాటి క్రైస్తవులు నమ్మేవారు. అంటే సృష్టి తొలి అధ్యాయాల నుంచి ఆఖరి అధ్యాయం దాకా ఆమెకు గడువిచ్చేశాడు.

తర్వాత లెక్క మొదలుపెడతాడు. కళ్లను పొగడడానికీ నుదురు చూడడానికీ వందేళ్లు. ఒక్కో రొమ్ముకూ రెండేసి వందలు. మిగతా దేహానికి ముప్పై వేలు. ఒక్కో అంగానికి కనీసం ఒక యుగం, ఆఖరి యుగంలో హృదయం బయటపడుతుంది. నీకు ఆ మర్యాద తగునని, అంతకు తక్కువ ధరకు తాను ప్రేమించనని అంటాడు. వినడానికి ఎంత ఉదారంగా ఉంది! కాని ఈ లెక్క చేసే పని వేరు. ఆమె అడిగి ఉండే గడువు ఎంత? ఒక నెల, ఒక ఏడాది, అతను మాట మీద నిలబడతాడో లేదో తెలిసేంత కాలం. ఆ మామూలు గడువును అతను ముప్పై వేల ఏళ్లకు సాగదీశాడు. అంత సాగదీశాక ఆలస్యం ఎంతదైనా సరే నవ్వులాటగా కనిపిస్తుంది. ముప్పై వేల ఏళ్లు కుదరవు కాబట్టి ఈ క్షణమే అన్నప్పుడు ఆ రెండింటి మధ్య ఉన్న నెలలూ ఏడాదులూ లెక్కలోంచి జారిపోయాయి. మొదటి భాగం పొగడ్తలా కనిపించే ఎసరు. ఎదుటివాళ్ల మాటను పెంచి పెంచి అసాధ్యంగా చేసి చూపించడం వాదనలో పాత ఎత్తే. దాన్ని ఇంత మెత్తగా, దండలా చుట్టి వేసినవాళ్లు అరుదు.

రెండో భాగం ‘కాని’తో మొదలవుతుంది. గొంతు మారిపోతుంది. వెనక కాలం రథం రెక్కలతో తరుముకొస్తున్న చప్పుడు తనకు ఎప్పుడూ వినిపిస్తోందంటాడు. ముందు చూస్తే అంతులేని ఎడారిలా శాశ్వతత్వం. ఇంగ్లీషు కవిత్వంలో మరణభయాన్ని ఇంత తక్కువ మాటల్లో ఇంత విశాలంగా చూపిన చోట్లు నాకు ఎక్కువ తెలియవు. ఇక్కడిదాకా భయం ఇద్దరిదీ. ఆ తర్వాత రెండు మూడు పంక్తుల్లోనే అది ఆమె మీదికి మళ్లుతుంది. నీ అందం ఉండదు, నీ పాలరాతి సమాధిలో నా పాట వినపడదు, ఇన్నాళ్లూ కాపాడుకున్న కన్యాత్వాన్ని పురుగులు పరీక్షిస్తాయి, నీ పరువు దుమ్మవుతుంది, నా కోరిక బూడిదవుతుంది. సమాధి చక్కని ఏకాంతమే గాని అక్కడ ఎవరూ కౌగిలించుకోరని ముగిస్తాడు.

ఇక్కడ ఏం జరిగిందో నెమ్మదిగా చూడాలి. చావు నిజం. చావు వస్తుందన్న నిజాన్ని ఎవరూ కాదనలేరు. కాదనలేని ఆ నిజం పక్కన, కాదనదగిన ఒక మాటను నిలబెట్టాడు: ఆమె పరువుకు విలువ లేదని. చావు తర్వాత పరువు దుమ్మే కావచ్చు. చావుకు ముందు బతకవలసిన నలభై ఏళ్లలో అది దుమ్ము కాదు. ఆ నలభై ఏళ్లను దాటేసి పాఠకుడిని నేరుగా సమాధిలోకి తీసుకెళ్లాడు. మొదటి భాగంలో ఎలా మధ్యలో ఉన్న కాలాన్ని మాయం చేశాడో ఇక్కడా అదే చేశాడు.

మూడో భాగం ‘కాబట్టి’. ఇందులో ‘ఇప్పుడు’ అన్న మాట మూడుసార్లు వస్తుంది. రెండో భాగంలో నీ అందం, నీ పరువు, నా కోరిక అని విడివిడిగా ఉన్నవి మూడో భాగంలో మన కాలం, మన బలం, మన సంతోషాలు అయిపోతాయి. ఆమె ఎక్కడా ఒప్పుకోలేదు, వ్యాకరణం మాత్రం ఒప్పేసుకుంది. ఇంకా ముఖ్యమైనది, ఆమె చర్మం మీది ప్రతి రంధ్రం నుంచీ ఆమె మనసులోని ఇష్టం సెగలా పైకి వస్తోందని అతను చెబుతాడు. ఆమె బుగ్గ ఎర్రబడడం కోపం వల్ల కావచ్చు, ఇబ్బంది వల్ల కావచ్చు. అతను దాన్ని తనకు కావలసినట్టు చదువుకున్నాడు. నోటితో రాని జవాబును చర్మం మీద వెతికి, దొరికిందని ప్రకటించాడు. పద్యం మొత్తంలో వాదానికి అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే. వాదం నిజంగా గెలిచి ఉంటే ఆమె తరఫున అతనే జవాబు చెప్పుకోవలసిన అవసరం రాదు.

ఆపైన వేటపక్షుల్లా కాలాన్ని మనమే మింగేద్దాం, బలాన్నీ తీపినీ ఒక్క బంతిగా చుట్టి జీవితపు ఇనుప గేట్లలోంచి చీల్చుకుని దూసుకుపోదాం అంటాడు. సూర్యుణ్ణి నిలబెట్టలేం గాని పరుగెత్తించగలం అని ఆఖరి మాట. కాలం చాలదన్నది అతని మొదటి ఫిర్యాదు. చివరికి చూపిన దారి ఉన్న కాలాన్ని ఇంకా వేగంగా ఖర్చు చేయడం. పెళ్లి మాట లేదు. రేపు నీ పక్కన ఉంటానన్న మాటా లేదు.

ఇక తర్కం. ఎలంకారాలన్నీ తీసేస్తే మిగిలే అస్థిపంజరం ఇది: కాలం ఉంటే ఆలస్యం తప్పు కాదు, కాలం లేదు, కాబట్టి ఆలస్యం తప్పు. వినగానే సరిగ్గా ఉన్నట్టే తోస్తుంది. దీన్నే మరో మాటతో పరీక్షించండి. వాన పడితే ఇంట్లో కూర్చోవడం తప్పు కాదు. వాన పడడం లేదు. కాబట్టి ఇంట్లో కూర్చోవడం తప్పు. ఇది నిలవదని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. వాన లేకపోయినా ఇంట్లో కూర్చోవడానికి వంద కారణాలుంటాయి, జ్వరం ఉండొచ్చు, పని ఉండొచ్చు, ఊరికే ఉండాలనిపించొచ్చు. అలాగే కాలం తక్కువగా ఉన్నా ఒక మనిషి ‘ఆగు’ అనడానికి కారణాలుంటాయి. పాశ్చాత్య తర్కశాస్త్రం ‘అయితే’ అన్న మొదటి సగాన్ని కొట్టేసి, దానితో రెండో సగం కూడా కొట్టుకుపోయిందనడాన్ని దోషంగానే చూస్తుంది. మార్వెల్ పద్యం ఆ దోషానికి ఇంగ్లీషు పాఠాల్లో చాలాసార్లు చూపే ఉదాహరణ.

మన తర్కం ఈ లోపాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది, నాకు ఆ దారే ఎక్కువ నచ్చుతుంది. మార్వెల్ ఉన్న ఆ పదిహేడో శతాబ్దంలోనే ఆంధ్రుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ రాశాడు. సంస్కృత పాఠశాలల్లో నేటికీ తర్కంలో తొలి పుస్తకం అదే. అందులో హేత్వాభాసాలు, అంటే హేతువులా కనిపించి హేతువు కానివి, ఐదని చెప్పి, మొదట సవ్యభిచారం పేరు చెబుతాడు. మనం నిరూపించదలచింది ఉన్న చోటా, లేని చోటా ఒకే హేతువు కనిపిస్తే ఆ హేతువు దేన్నీ నిరూపించదు. కొండ మీద నిప్పు ఉంది, ఎందుకంటే కొండ తెలుసుకోదగిన వస్తువు గనక అన్నారనుకోండి. చెరువు కూడా తెలుసుకోదగిన వస్తువే, అక్కడ నిప్పు లేదు. హేతువు అబద్ధం కాదు, అయినా పనికిరాదు.

‘ఆయుష్షు తక్కువ’ అన్న హేతువు సరిగ్గా ఇలాంటిదే. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తోటి దైత్యబాలురకు చెప్పే మాటలు గుర్తు చేసుకోండి. పోతన తెలుగులో ఆ లెక్క ఇలా ఉంది. మనిషికి నూరేళ్లు. అందులో సగం రాత్రుల నిద్రకు పోతుంది. మిగిలిన యాభైలో ఇరవై బాల్యపు ఆటపాటలకు పోతాయి. ఇంక ముప్పై. ఆ ముప్పై కోరికలకూ కోపాలకూ ఇల్లూ వాకిలీ అనే బంధాలకూ చిక్కిపోతాయి. కాబట్టి చిన్నతనంలోనే, ఇప్పుడే, హరిని పట్టుకోండి అంటాడు. మార్వెల్ లెక్క వందల నుంచి వేలకు పెరుగుతుంది, ప్రహ్లాదుడి లెక్క నూరు నుంచి ముప్పైకి తరుగుతుంది. ఇద్దరూ అంకెలతోనే ఒప్పిస్తారు, ఇద్దరూ ఆగవద్దంటారు. ఒకడు చేరేది పడకకు, ఇంకొకడు చేరేది భక్తికి. అదే హేతువుతో హెరిక్ పెళ్లికి చేరాడు. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా తెలుగులోకి తెచ్చిన ఉమర్ ఖయ్యాం మధుపాత్రకు చేరాడు. ఒకే హేతువు ఇన్ని దిక్కులకు తీసుకెళ్తోందంటే ఏ దిక్కుకు వెళ్లాలో చెబుతున్నది ఆ హేతువు కాదు. ఏది విలువైనదో మాట్లాడేవాడు ముందే నిర్ణయించుకుని వచ్చాడు. దాగి ఉన్న వాదం అక్కడుంది. జీవితం చిన్నది అన్న మాట అందరికీ వినిపిస్తుంది. జీవితంలో చేయదగిన పని ఇదొక్కటే అన్న రెండో మాటను ఎవరూ పైకి అనరు, నిరూపించరు, అది లేకుండా మాత్రం ‘కాబట్టి’ కదలదు.

ఆ రెండో మాటకు ఎవరు ఎంత చెల్లించాలో కూడా చూడాలి. మార్వెల్ పాత్ర మొదట్లోనే ఆమె వెనకాడడాన్ని నేరం అన్న మాటతో ముడిపెడతాడు, కాలం ఉంటే అది నేరం కాదంటాడు. ఆనాటి ఇంగ్లండులో చట్టం దేన్ని నేరమందో చూడండి. 1610 నాటి చట్టం ప్రకారం పెళ్లి కాకుండా బిడ్డను కని, ఆ బిడ్డ పోషణ ఊరి మీద పడితే, తల్లిని ఏడాది పాటు దిద్దుబాటు గృహంలో పెట్టి పని చేయించవచ్చు. 1650లో పార్లమెంటు చేసిన ఇంకో చట్టం పెళ్లికాని వారి కలయికకు మూడు నెలల జైలు వేసింది. గర్భాన్ని ఆపే నమ్మకమైన దారి లేదు, కాన్పులో ప్రాణం పోవడం మామూలు. అంటే అతను నేరంగా చూపుతున్న ఆలస్యం చట్టం దృష్టిలో నిర్దోషమైనది, ఇప్పుడే చేద్దామంటున్న పనే నేరం. తొందరపడితే మరుసటి ఏడాది ఆమె ఎక్కడ ఉండవచ్చో అతనికి తెలుసు. పద్యంలో ఆమె సమాధి ఉంది, ఆ మరుసటి ఏడాది లేదు. ఆమె జంకు మీద ఇన్ని పంక్తులు నడిచాయి గాని జంకుకు కారణం ఏమిటని ఒక్క పంక్తి కూడా అడగదు.

ఈ వాదానికి జవాబు మార్వెల్ పుట్టకముందే అచ్చయి ఉంది. క్రిస్టఫర్ మార్లో రాసిన ఒక గొర్రెలకాపరి పాట ఆ రోజుల్లో అందరి నోళ్లలో నానింది. నాతో వచ్చి ఉండు, గులాబీల పడక, పూల టోపీ, గొర్రె ఉన్ని గౌను, బంగారు బకిల్ చెప్పులు అన్నీ ఇస్తానని కాపరి పిలుస్తాడు. 1600లో వచ్చిన ‘ఇంగ్లండ్స్ హెలికాన్’ సంకలనంలో దాని వెంటనే ఆ పిల్ల జవాబు కూడా అచ్చయింది. దాన్ని సర్ వాల్టర్ రాలీ రాసినదిగా చెబుతారు. ఆ జవాబు అందం ఏమిటంటే, ఆమె కాలాన్నే తన పక్షాన సాక్షిగా నిలబెడుతుంది. లోకం ఎప్పుడూ పడుచుగా ఉంటే, ప్రతి కాపరి నాలుక మీదా నిజమే ఉంటే, నీ మాటలకు నేను కదిలేదాన్నే అంటుంది. కాని చలి వస్తుంది, మందలు దొడ్డికి చేరతాయి, ఏళ్లు పొంగుతాయి, రాళ్లు చల్లబడతాయి, కోయిల లాంటి ఆ పాటపిట్ట మూగబోతుంది. నీ గౌన్లూ చెప్పులూ గులాబీల పడకలూ విరిగిపోయేవి, వాడిపోయేవి, మరుపున పడేవి. కాబట్టి రాను.

నిర్మాణం చూడండి. ‘కాలం నిలిచి ఉంటే’ అన్న షరతు మార్వెల్ పాత్రదీ ఈమెదీ ఒకటే. కాలం నిలవదన్నదీ ఇద్దరూ ఒప్పుకుంటారు. అతను అంటాడు, నీ అందం నిలవదు కాబట్టి రా. ఈమె అంటుంది, నీ మాట కూడా నిలవదు కాబట్టి రాను. వాడిపోయే వస్తువుల జాబితాలో మగవాడు ఎప్పుడూ ఆడదాని బుగ్గను చేర్చాడు, తన ప్రేమను చేర్చలేదు. ఈ పిల్ల దాన్ని చేర్చింది. తర్కం కొలతతో చూస్తే ఆమె వాదంలోనూ అతని వాదంలో ఉన్న అదే జారుడు ఉంది. కాని ఇద్దరి మీదా ఒకే బరువు లేదు. ఒకరి నుంచి ఏదో కోరేవాడు తన కోరికకు కారణం నిరూపించాలి. కాదనేవాళ్లు ఏదీ నిరూపించనక్కర లేదు, అడిగినవాడి కారణం చాలలేదని చూపితే చాలు. ఆమె అంతవరకే చేసింది, పూర్తిగా చేసింది.

ఈ తరహా పాట ఎవరి నోట ఎలా మారుతుందో బెన్ జాన్సన్ నాటకం ‘వోల్పోనీ’ చూపిస్తుంది. 1606 ప్రాంతంలో ఆడిన నాటకం, కథ వెనిస్‌లో. వోల్పోనీ చావబోతున్నట్టు మంచం మీద నటిస్తూ, వారసులం అవుదామని ఆశపడేవాళ్ల నుంచి కానుకలు గుంజుతుంటాడు. కార్వినో అనే వర్తకుడు ఆస్తి కోసం తన భార్య సీలియానే ఆ రోగి పక్కన పడుకోమని తీసుకొచ్చి వదిలి వెళతాడు. తలుపు మూసుకోగానే వోల్పోనీ మంచం మీంచి దూకి పాట అందుకుంటాడు. కాలం ఎప్పటికీ మనది కాదు, మునిగిన సూర్యుడు మళ్లీ లేస్తాడు, మన దీపం ఆరితే ఎప్పటికీ రాత్రే అన్న మాటలు రోమన్ కవి కాటల్లస్ నుంచి వచ్చినవి. ప్రేమఫలాన్ని దొంగిలించడం పాపం కాదు, దొరికిపోవడమే నేరమని పాట ముగుస్తుంది. సీలియా దణ్ణం పెట్టి వేడుకుంటుంది. మాటలతో పని జరగలేదని తెలియగానే అతను బలవంతానికి దిగుతాడు, బొనారియో అనే యువకుడు లోపలికి దూసుకొచ్చి ఆమెను కాపాడతాడు.

పదేళ్ల తర్వాత, 1616లో, జాన్సన్ అదే పాటను తన ‘ద ఫారెస్ట్’ కవితల్లో విడిగా, సీలియాకు పాట అనే పేరుతో అచ్చువేశాడు. మంచం లేదు, మూసిన తలుపు లేదు, భార్యను అమ్మిన మొగుడు లేడు. ఉత్త తీపి పాట మిగిలింది, సంకలనాల్లో ప్రేమగీతంగా ఎక్కింది. నాటకంలో చూసినవాడికి ఆ పాట తర్వాత ఏం జరిగిందో తెలుసు, పుస్తకంలో చదివినవాడికి తెలియదు. ‘కార్పే డియెమ్’ పద్యాలు మనకు ఎక్కువగా ఈ రెండో రూపంలోనే చేరాయి. వింటున్న మనిషి ఎదురుగా ఉంటుంది, ఆమెకు మాట మాత్రం ఉండదు. కాబట్టి వాదం ప్రతిసారీ ఎదురులేకుండా గెలుస్తుంది.

ఇంత చెప్పాక మార్వెల్ పద్యం చిన్నదైపోయిందా అంటే, నా లెక్కన పెద్దదైంది. ఆ పాత్రను మార్వెల్ అనుకోవడం వల్లే పద్యాన్ని ఉత్త ప్రేమలేఖగా చదువుతున్నాం. కవి తన పాత్ర వాదాన్ని గెలిపించాలనుకుంటే సమాధి పురుగులను ఎందుకు తెస్తాడు? ప్రేమికుల ఉపమానానికి పావురాలు దొరకక వేటపక్షులను పెట్టాడా? చివరికి వచ్చేసరికి తీపి మొత్తం కరిగిపోయి ఇనుప గేట్లు, చీల్చుకుపోవడం, మింగేయడం మిగిలాయి. ఒప్పించడానికి మొదలుపెట్టినవాడు తన భయంలో తానే చిక్కుకుపోవడం వినిపిస్తుంది. కాలరథం చప్పుడు వింటున్నది అతని చెవులే. ఆమెకు వినిపిస్తోందని అతను కూడా అనలేదు. ఆమెను ఒప్పించడంలో ఈ పద్యం ఓడింది, చావుకు జడిసిన ఒక మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో చూపడంలో దీన్ని మించినది ఇంగ్లీషులో దొరకడం కష్టం.

కళాశాలల్లో ఈ పద్యం బోధించే అధ్యాపకులను ఒకటి కోరుతున్నాను. మార్వెల్ పాఠం చెప్పిన రోజే, అదే గంటలో, 1600 నాటి ఆ పిల్ల జవాబు కూడా చదివించండి. అది ఆరు చిన్న చరణాలు, పావుగంట కూడా పట్టదు. ఆ తర్వాత ‘కాబట్టి’ అన్న మాట ఎక్కడుందో, దానికి ముందున్న కారణం దాన్ని మోయగలదో లేదో పిల్లలనే వెతకమనండి.